నాలుగో నెంబరు జెల్లు

ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ వదిన అనే పిలుస్తారు. ఓనరుకి సొంత వదిన కాబట్టి ఓనరు పిలిచాడు. ఓనరు పిలిచాడు కాబట్టి ప్యాకింగు ఆడవాళ్ళు పిలిచారు. చివరికి గ్లిజరిన్ డ్రమ్ములు దింపే లారీ డ్రైవరు కూడా, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడు, "వదినగారూ, ఇక్కడో సంతకం" అనడం మొదలుపెట్టాడు. ఆవిడ అక్కడ కెమిస్టు. పద్దెనిమిదేళ్ళుగా క్రీములూ లోషన్లూ కలుపుతోంది. ఆవిడ మొగుడు, అంటే ఓనరుకి అన్న, బళ్ళో లెక్కలు చెబుతాడు. ఈ కథలో ఆయనకి పనిలేదు.

ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. పొడుగాటి రేకుల షెడ్డు, రెండు స్టీలు మిక్సర్లు, సీసాలు నింపే మిషను ఒకటి, ఏసీ ఉన్న గది ఒకటి. ఆ గదిని ల్యాబు అంటారు. మధ్యాహ్నం అన్నాలు కూడా అందులోనే తింటారు కాబట్టి పీహెచ్ మీటరు పక్కన ఎప్పుడూ ఒక ఆవకాయ సీసా ఉంటుంది. దాని పీహెచ్ ఎంతో వదిన ఒకసారి చూసింది కూడా. ఆవిడ చూడనిది ఏదీ లేదు.

ఏడాదిగా ఫ్యాక్టరీ పరిస్థితి బాగాలేదు. కాలిపగుళ్ళ క్రీము చేయించుకునే పెద్ద కంపెనీవాళ్ళు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు. రెండో మిక్సరు మీద టార్పాలిన్ పట్టా కప్పారు. పదకొండు మంది ప్యాకింగు ఆడవాళ్ళకి వారంలో మూడు రోజులే పని. మిగతా మూడు రోజులూ మానేయమని చెప్పడానికి ఓనరుకి నోరు రాక, వాళ్ళచేత షెడ్డు తుడిపించాడు. అంత శుభ్రంగా ఉన్న షెడ్డుని చూస్తే వదినకి గుండె గుభేల్మనేది.

సరిగ్గా అప్పుడే వాటర్ పార్కు మేనేజరమ్మ వచ్చింది.

నీళ్ళ జారుడుబల్లలూ, అలల కొలనూ ఉన్న పెద్ద పార్కు అది. మేనేజరమ్మ మణికట్టు దాకా చేతులున్న కోటు తొడుక్కుని, నుదురు కప్పే వెడల్పాటి టోపీ పెట్టుకుని వచ్చి, ల్యాబులో కూర్చున్నాక కూడా టోపీ తియ్యలేదు. విషయం సూటిగా చెప్పింది.

"మాది రెండు రోజుల టికెట్టండి. మొదటి రోజు జనం కిటకిటలాడతారు. రెండో రోజు సగం మంది రారు. ఎందుకయ్యా అంటే భుజాలు మండిపోతున్నాయంటారు, చొక్కా తగిలితే ఓర్చుకోలేం అంటారు. బయటికెళ్ళే దారిలో పంపులు పెట్టిస్తాను. ఎవరికి వాళ్ళు జెల్లు పూసుకుని వెళ్ళాలి, మర్నాడు హాయిగా మళ్ళీ రావాలి. సీజనంతా సరుకు మీదే. మంచిది ఒకటి తయారు చేసి చూపించండి."

సీజనంతా అన్న మాట వినగానే ఓనరు, అంటే ఆవిడ మరిది, మొహం వెలిగిపోయింది. వదిన కళ్ళు కిటికీలోంచి పట్టా కప్పిన మిక్సరు మీదకి వెళ్ళాయి. ఆ సంతోషంలో, "మర్నాడు మళ్ళీ రావాలి" అన్న మాట ఆవిడ చెవిలో పడింది గాని బుర్రలో పడలేదు. ఆవిడలాంటి మనిషికి పడి ఉండాల్సింది.

రెండు వారాల్లో రెండు జెల్లులు పోటీకి నిలిచాయి. నాలుగో నెంబరు వదినది. అందులో నీళ్ళు, గ్లిజరిను, కలబంద పొడి, చర్మాన్ని మెత్తగా ఉంచే పాంథెనాల్, అల్లంటాయిన్, చిక్కబడ్డానికి ఒక పొడి, పాడవకుండా ఒక మందు ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు. ఏడో నెంబరు మరిది చెప్పి చేయించుకున్నది. అందులో కలబంద పేరుకి ఉంది. మిగతాదంతా స్పిరిటు, దండిగా మెంథాలు, పుదీనా వాసన, చిలకపచ్చ రంగు.

"కలబంద లోపల పచ్చగా ఉండదు, తెలుసా?" అంది వదిన. "చెక్కు తీస్తే నీళ్ళలా ఉంటుంది. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు నీళ్ళే."

"నువ్వు చెక్కు తీసి చూస్తావు వదినా. జనం సీసా చూస్తారు."

ఆ ఫ్యాక్టరీలో ఏ సరుకైనా బాగుందో లేదో తేల్చేది ప్యాకింగు ఆడవాళ్ళే. మొదటినుంచీ అదే పద్ధతి. పదకొండు మందీ ఏసీ గదిలో వరసగా కూర్చుంటారు, ఎడమ మోచేతి మీద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి పూసుకుంటారు, చీటీ రాస్తారు. ఆ రోజూ అలాగే చేశారు. పదకొండు చీటీలూ ఏడో నెంబరుకే పడ్డాయి. ఒకామె చీటీ మీద "అబ్బ" అని మాత్రం రాసింది. అదీ ఏడుకే అని మరిది లెక్కేశాడు.

వదిన ఊరుకోలేదు. దూరం నుంచి వేడి చూసే తుపాకీ థర్మామీటరు తెచ్చి "అబ్బ" రాసినామె చేతులు రెండూ పట్టుకుని మరిదికి చూపించింది.

"చూడు. స్పిరిటు గబుక్కున ఆరుతుంది కాబట్టి నీ ఏడు ముందు బాగానే చల్లబరిచింది. అయిదు నిమిషాల్లో మళ్ళీ మొదటికొచ్చింది. నాది నెమ్మదిగా ఆరుతుంది, ఇంకా చల్లగానే ఉంది." ఆమె వైపు తిరిగింది. "ఏది చల్లగా ఉందమ్మా ఇప్పుడు?"

"కుడిదే వదినగారూ. జిల్లుమంటోంది." కుడిది ఏడు.

"అదీ సంగతి. మెంథాలు చర్మాన్ని చల్లబరచదు. చల్లగా ఉందని నరాల చేత చెప్పిస్తుంది, అంతే. చాడీలు చెప్పడం లాంటిది."

"చెప్పనీ, మంచిమాటే కదా చెప్పేది" అన్నాడు మరిది.

"ఇది ఎండకి కమిలిన ఒంటిమీద పూసుకునేది. మనం ఏసీలో కూర్చుని, నవనవలాడే చేతుల మీద పూసి చూస్తున్నాం. వీళ్ళలో ఒక్కరికైనా ఒళ్ళు కమిలిందా? కమిలిన చర్మం మీద స్పిరిటు పడితే ఏమవుతుందో తెలుసా?"

"ఇప్పుడు కమిలిన మనుషుల్ని నేనెక్కణ్ణించి తేను వదినా?" అని చేతులెత్తేశాడు మరిది.  పద్దెనిమిదేళ్ళలో కాలిపగుళ్ళ క్రీమునైనా పగిలిన కాలి మీద ఎవరూ పరీక్షించలేదు. వదిన కూడా.

దేవుడు కొన్ని ప్రార్థనలు చప్పున వింటాడు. పంపులు ఎక్కడ బిగించాలో చూసుకోమని మేనేజరమ్మ మరిదికి శని, ఆదివారాలకి రెండు రోజుల టికెట్టు పంపింది.

మరిదికి నలభై ఆరేళ్ళు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి టేపూ పుస్తకమూ పట్టుకుని పెద్దమనిషిలాగే వెళ్ళాడు. పదిన్నరకల్లా పంపుల పని అయిపోయింది. పదకొండుకి, అలల కొలను ఎలా ఉంటుందో చూద్దామని చొక్కా విప్పాడు. తర్వాత అందరికన్నా ఎత్తయిన జారుడుబల్ల ఎక్కాడు. అది పద్నాలుగుసార్లు ఎక్కానని ఇంటికొచ్చాక ఆయనే ఒప్పుకున్నాడు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఒళ్ళు చల్లగా ఉంది కాబట్టి ఎండ సంగతే తెలియలేదు. మొహానికీ ఒంటికీ పొద్దున ఏమన్నా పూసుకెళ్ళమని భార్య చెబితే, "నా రంగుకి ఎండ ఏం చేస్తుందే? ఇంకెంత నల్లబడతాను?" అని నవ్వి వెళ్ళాడు.

సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు. లోపలికొచ్చి కూర్చోమంటే కూర్చోడు. చొక్కా భుజాలకి తగలకుండా రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎర్రగా ఏం లేదే" అంది ఆయన భార్య, వదినకి తోడికోడలు, వెనక్కి తిప్పి చూసి.

"మన రంగు మీద ఎరుపు సరిగ్గా కనబడదు" అంది పక్కవాటాలోంచి వచ్చిన వదిన. చెయ్యి తిరగేసి అతని వీపు ముట్టుకుంది. పెనంలా కాలుతోంది. అతను కెవ్వుమన్నాడు.

ఇంతలో అత్తగారు పెరట్లోంచి ఒక కలబంద మట్ట విరిచి పట్టుకొచ్చింది. విరిచిన చోటునుంచి పసుపుపచ్చ జిగురు కారుతోంది. "ఇన్ని డ్రమ్ములు, ఇన్ని మిషన్లు. దీనికి ఏదైనా సాటొస్తుందా?" అని కొడుకు మెడమీద రాయబోయింది. వదిన మధ్యలో చెయ్యి పెట్టి ఆపింది.

"ఆ పసుపు జిగురు తగిలితే దురద పెడుతుంది అత్తయ్యా. కాసేపు నిలబెడితే కారిపోతుంది. తర్వాత కడిగి, చెక్కు తీసి, లోపలి గుజ్జు మాత్రమే రాయాలి."

"మా అమ్మ ఇలాగే రాసేది."

"మీకు దురద పెట్టలేదా?"

అత్తగారు ఆలోచించింది. "పెట్టింది. మందు పనిచేస్తోంది కాబోలనుకునేదాన్ని" అంది. తర్వాత మట్ట పక్కన పెడుతూ కొడుకుని తిట్టింది: "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే."

"మన వ్యాపారమే అది అత్తయ్యా" అంది వదిన.

వదిన ముందు అతన్ని చన్నీళ్ళ స్నానానికి పంపింది. వీపుకి సబ్బు తగలనివ్వద్దంది. బయటికొచ్చాక రుద్దకుండా తడి అద్ది, రెండు పెద్ద గ్లాసుల మంచినీళ్ళు తాగించి, ముందుగదిలో స్టూలు మీద కూర్చోబెట్టింది. తన ఫ్యాక్టరీ సంచిలోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి చిలకపచ్చ, ఒకటి రంగులేనిది.

నిజం చెప్పాలంటే ఆవిడకి జాలితో పాటు కొంచెం సంబరంగా కూడా ఉంది. కమిలిన మనిషి కావాలని అడిగింది. నడిచి ఇంటికే వచ్చాడు. వచ్చినవాడు పరాయివాడు కూడా కాదు, ఏడో నెంబరు సృష్టికర్త.

"ఏది ముందు?" అంది.

"నాదే" అన్నాడు మరిది, మొండిగా.

ఎడమ భుజం మీద ఏడో నెంబరు రాసింది. ఒక్క క్షణం ఏం కాలేదు. రెండో క్షణంలో మరిది స్టూలు మీదనుంచి లేచి, నోటికొచ్చిన బూతు తల్లి ముందు మింగేసి, గదిలో రెండు చుట్లు తిరిగాడు. "తీసెయ్ తీసెయ్ తీసెయ్" అన్నాడు. తోడికోడలు పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కడిగేస్తే స్పిరిటు మంట తగ్గింది గాని మెంథాలు మాత్రం, మండుతూనే చల్లగా, చాలాసేపు దాని చాడీలు అది చెబుతూనే ఉంది.

తర్వాత కుడి భుజం మీద నాలుగో నెంబరు రాసింది. రుద్దకుండా, మందంగా, వేళ్ళ చివర్లతో పరిచింది. మరిది కళ్ళు గట్టిగా మూసుకుని ఎదురుచూశాడు. అరవలేదు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"ఇంకొంచెం రాయి" అన్నాడు.

ఎడమ భుజం శాంతించాక అక్కడా రాసింది. వీపంతా రాసింది. ఫ్యాను కింద కూర్చోబెట్టింది. నీళ్ళు ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతాయని, గ్లిజరినూ కలబంద జిగురూ కలిసి పల్చటి పొరలా నిలిచి తేమని అంటిపెట్టుకుని ఉంటాయని, అందుకే చర్మం బిర్రబిగుసుకోదని చెప్పింది. వెన్నో నూనో పూస్తే వేడి లోపలే ఉండిపోతుందని కూడా చెప్పింది. అన్నీ సరిగ్గానే చెప్పింది. మరిది బుద్ధిమంతుడైన పిల్లాడిలా విన్నాడు.

పావుగంట తర్వాత భుజాలు అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వదినా, నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మంత్రమేసినట్టు పోయింది. సోమవారం పొద్దున్నే ఏడో నెంబరు డ్రమ్ము పారబోయిస్తాను. ఇన్నాళ్ళూ నీ మాట వినని వెధవని నేను."

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఆవిడ వినడం అదే మొదటిసారి. ఆ సమయంలో చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "మంత్రం కాదు, పోలేదు. మంట ఒక్కటే తగ్గింది. కాలినది కాలినట్టే ఉంది, అసలు నొప్పీ వాపూ రేపటికి గాని ముదరవు. రేపు గడప దాటకు" అని చెప్పాలి. చెబితే మంత్రం కాస్తా ఉత్త తడిగుడ్డ అయిపోతుంది. ఆ గెలుపు రుచి ఇంకాసేపు నోట్లో ఉండనిద్దామనిపించింది. అతనేమన్నా చిన్నపిల్లాడా, ఆ మాత్రం తెలియదా అనుకుంది. చేతులు కడుక్కుని, తన వాటాకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మరిది హాయిగా నిద్రపోయాడు. ఆదివారం పొద్దున లేచి, భుజాలు పట్టేసినట్టున్నా లెక్కచేయక, మళ్ళీ మందంగా నాలుగో నెంబరు పూసుకున్నాడు. రెండో రోజు టికెట్టు ఉండనే ఉంది. సంచినిండా చిన్న సీసాలు వేసుకుని పార్కుకి వెళ్ళాడు. మేనేజరమ్మని పిలిచి, చొక్కా విప్పి, వీపు చూపించాడట. "నిన్న రోజంతా ఎండలో ఉన్నానండి. చూడండి, ఏమన్నా ఉందా?" ఆవిడ టోపీ కిందనుంచి చూసి చాలా సంతోషించిందట. ఆ ఉత్సాహంలో, కొలను గట్టున కాపలా కాసే కుర్రాళ్ళకీ, వచ్చేపోయేవాళ్ళకీ సీసాలు పంచుతూ సాయంత్రం నాలుగుదాకా చొక్కా లేకుండానే తిరిగాడు. తనే నడిచే ప్రకటన అన్నమాట.

సాయంత్రం అతన్ని ఆటోలో ఇంటికి తెచ్చింది ఆ కాపలా కుర్రాళ్ళే. ఒళ్ళు వెచ్చగా ఉంది, పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. వీపు మీద, భుజాల మీద రేగుపళ్ళంత బొబ్బలు. రెండు చోట్ల సంచి పట్టీ ఒరుసుకుని పగిలిపోయాయి కూడా.

డాక్టరు దగ్గర వదిన కూడా ఉంది. డాక్టరు ముసలాయన. మాటలు పొదుపు.

"నిన్న కాలిందా?"

"అవునండి."

"కాలిన చర్మాన్ని ఇవాళ మళ్ళీ ఎండలో ఎందుకు పెట్టారు?"

"తగ్గిపోయిందనుకున్నానండి" అన్నాడు మరిది. "జెల్లు రాశాం. మా వదిన జెల్లు. అద్భుతమైన జెల్లు."

డాక్టరు కళ్ళజోడు పైనుంచి వదిన వైపు చూశాడు.  పగిలిన చోట్ల శుభ్రం చేసి, అంటుకోని గుడ్డ వేసి, మిగతా బొబ్బలు చిదపొద్దు, వాటిమీద ఏ జెల్లూ రాయొద్దన్నాడు. నొప్పికీ జ్వరానికీ బిళ్ళలు రాశాడు. నీళ్ళు బాగా తాగమన్నాడు.

ఆ రాత్రి వదినకి అన్నం సహించలేదు. మరిది మీద జాలి ఒకటి. దానికన్నా పెద్దది సిగ్గు. ఏడో నెంబరు వట్టి చాడీకోరు అని ఊరంతా చాటింది. తీరా చూస్తే, ఏడో నెంబరు రాసి ఉంటే ఈ మనిషి ఆదివారం గడప దాటేవాడు కాదు. చర్మం మండుతూ "ఎండలోకి పోకురా" అని మొత్తుకుంటుంటే, దాని నోరు మూసింది ఆవిడ మంచి జెల్లు. జెల్లు చెయ్యాల్సింది అదే, అందులో దాని తప్పేమీ లేదు. నోరు తెరవాల్సిన మనిషి తెరవలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, మేనేజరమ్మ మొదటి రోజు ఏమందో. మర్నాడు హాయిగా మళ్ళీ రావాలి.

మంగళవారం పొద్దున మేనేజరమ్మ ఫ్యాక్టరీకి వచ్చింది, ఆర్డరు ఖాయం చేసుకోవడానికి. పంపుల పైన కట్టే బోర్డు నమూనా కూడా చుట్టి తెచ్చింది. ల్యాబులో బల్ల మీద పరిచింది. నీలం మీద తెల్లటి అక్షరాలు: "ఎండకు కమిలారా? ఒక్క పూత చాలు! రేపు మళ్ళీ కలుద్దాం!"

మరిది ఇంట్లో పడుకోవాల్సిన మనిషి. సీజను ఆర్డరు కదా, వచ్చాడు. గుండీలు పెట్టని పల్చటి నూలు చొక్కా భుజాల మీద కప్పుకుని, కుర్చీకి ఆనకుండా, గోడకి ఆనకుండా, బల్ల పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే "ఫరవాలేదండి, అలవాటే" అన్నాడు. తలుపు అవతల ప్యాకింగు ఆడవాళ్ళు తుడిచిన షెడ్డునే మళ్ళీ తుడుస్తున్నారు.

"బోర్డు మార్చాలండి" అంది వదిన.

"ఏం, అక్షరాలు చిన్నవా?"

"అక్షరాలు బాగున్నాయి. మాట నిజం కాదు. ఈ జెల్లు మంట తగ్గిస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది. కాలిన చర్మాన్ని బాగుచెయ్యదు. ఇదే కాదు, ఏ జెల్లూ చెయ్యదు. కలబందతో గాయాలు త్వరగా మానుతాయని కొందరంటారు గాని, ఎండకి కమిలిన విషయంలో గట్టి రుజువు లేదు. బాగయ్యేది ఒంటి పని. దానికి రోజులు పడతాయి, ఆ రోజులు నీడలో ఉండాలి. మీరు పూసి, మర్నాడు మళ్ళీ ఎండలోకి పిలుస్తున్నారు."

మేనేజరమ్మ నమూనా అక్షరాల మీద వేలు పెట్టింది. "అయితే బోర్డు మీద ఏం రాయమంటారు?"

వదిన రాత్రే కాగితం మీద రాసి పెట్టుకుంది. చదివింది. "ఇది మంట తగ్గించడానికి మాత్రమే. మంట తగ్గినా కాలినది తగ్గదు. ఒళ్ళు మామూలయ్యేదాకా ఎండలోకి రావద్దు. బొబ్బలొస్తే రాయొద్దు, డాక్టరుకి చూపించండి."

"నా పార్కు గుమ్మంలో, నా పార్కుకి రావద్దని నేనే బోర్డు కట్టుకోవాలా?"

"అవునండి."

"ఇలాంటి బోర్డు చూసి రెండో రోజు టికెట్టు ఎవరు కొంటారమ్మా?"

"కాలినవాళ్ళు కొనరు" అంది వదిన.

మేనేజరమ్మ నమూనా మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. "జెల్లులు చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు లెండి" అంది. కోపంగా కాదు, టైము చెప్పినట్టు చెప్పింది. షెడ్డులో చీపుళ్ళ చప్పుడు ఆగిపోయింది. వాళ్ళు వింటున్నారు. వదినకి మరిది మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఇంటి కోడలు, తన చేత్తో తనే ఇంటి అన్నం కుండ పగలగొట్టింది. ఇప్పుడు అరుస్తాడనుకుంది.

మరిది బల్ల వదిలాడు. నెమ్మదిగా, సంతలో మందు అమ్మేవాడు సీసా మూత విప్పినంత జాగ్రత్తగా, భుజాల మీదనుంచి చొక్కా జారవిడిచి, మేనేజరమ్మకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"మీ రెండో రోజు టికెట్టండి ఇది" అన్నాడు. "వాడుకున్నాను."

 మేనేజరమ్మ లేచి దగ్గరికొచ్చింది. గుడ్డ కట్టిన చోట్లు, కట్టని బొబ్బలు, పొరలు లేస్తున్న మెడ చూసింది. మొదటిసారి టోపీ తీసింది, ఇంకా బాగా చూడ్డానికి. ఆ మొహం మీద ఎండ తగిలిన జాడే లేదు.

"ఆదివారం మీ వీపు చూసి మా బాబుకి మీ జెల్లు ఇచ్చాను" అంది. "శనివారం బాగా కమిలాడు. ఇవాళ కొలనుకి పోతానని పేచీ పెట్టాడు. తగ్గిపోయిందిగా, పొమ్మన్నాను."

"ఇప్పుడెక్కడున్నాడు?" అంది వదిన.

మేనేజరమ్మ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "బాబుని నీళ్ళలోంచి బయటికి తియ్యండి. ఇప్పుడే. నీడలో కూర్చోబెట్టండి. ఏడిస్తే ఏడవనీ." ఫోను పెట్టేసి, చుట్టిన నమూనా బల్ల మీద అలాగే వదిలేసి, వదిన చేతిలో కాగితం తీసుకుని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "రెండు నెలలకి సరిపడా చెయ్యండి. అంతకుమించి ఇప్పుడే చెప్పలేను. పొద్దున లోపలికొచ్చేటప్పుడే పూసుకునే సన్‌స్క్రీన్ కూడా చేస్తారా మీరు?"

చేస్తాం అని మరిది నోరు తెరిచాడు.

"చెయ్యం" అంది వదిన. "దానికి వేరే పరీక్షలు కావాలి, వేరే లైసెన్సు కావాలి. బయట మంచివి దొరుకుతాయి, కొనుక్కోండి. కొలను మీద నీడకి గుడ్డ కూడా కట్టించండి."

మేనేజరమ్మ కారు వెళ్ళిపోయాక ప్యాకింగు ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి రెండో మిక్సరు మీద పట్టా లాగేశారు. మరిది మాత్రం ల్యాబులో బల్ల మీద బోర్లా పడుకున్నాడు. చెంప కింద నీలం బోర్డు చుట్ట పెట్టుకున్నాడు.

"శనివారమే చెప్పాల్సింది నీకు" అంది వదిన. "తెలిసి చెప్పలేదు. నువ్వు పొగుడుతుంటే బాగుందని ఊరుకున్నాను."

 "నేను వినేవాణ్ణి కాదులే" అన్నాడు మరిది. అది క్షమాపణో కాదో ఆవిడకి తెలియలేదు గాని, కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

"మండుతోంది వదినా. కొంచెం నాలుగో నెంబరు రాయవా?"

"పగిలిన బొబ్బల మీద రాయకూడదు. డాక్టరు చెప్పాడుగా."

"అసలు రాయకూడదా?"

"రాయకూడదు."

"కాలితే బాగుచెయ్యదు. బొబ్బలొస్తే రాయకూడదు. మర్నాడు ఎండలోకి పోకూడదు. మరి దేనికి చేస్తున్నాం వదినా దీన్ని, డ్రమ్ములకి డ్రమ్ములు?"

వదిన గ్లిజరిన్ తూకం వేస్తోంది. ముల్లు నిలబడేదాకా ఆగింది.

"మొదటి రాత్రి నిద్ర పట్టడానికి" అంది.

రెండు రాత్రులుగా సరిగ్గా నిద్రలేని మరిది దాని గురించి ఆలోచించాడు.

"చెయ్యి వదినా" అన్నాడు.